పొద్దుటి ధ్యానం రిమైండర్: నిమిషాలు పెరుగుతున్నాయి, కూర్చోవడం మాత్రం ఆగిపోతోంది

మా బావగారు రిటైరయ్యాక డిసెంబర్ 1న పొద్దున్నే ధ్యానం మొదలుపెట్టారు. మూడు నిమిషాలతో మొదలు. అయిదు రోజులకో నిమిషం చొప్పున పెరుగుతూ చివరికి అరగంటకు చేరాలి. లెక్కంతా ఫోన్‌లో, గూగుల్ షీట్స్‌లో పెట్టింది నేనే. అందుకే పద్మారావునగర్‌లో మా పైవాటాలో ఉండే ఆయన ఫిర్యాదులన్నీ మెట్లు దిగి నా దగ్గరికే వచ్చేవి. ఆ ఫిర్యాదులు, వాటి అసలు కారణాలు, చేసిన మరమ్మతులు ఇవీ.

సమస్య: ఊరెళ్లి వచ్చాక మళ్లీ కూర్చోబుద్ధి కావడం లేదు

జనవరి 10 సాయంత్రం సంక్రాంతికి ఊరెళ్లారు. అక్కడ మనవలు, అరిసెలు, ఆ పైన జలుబు. ఒక్క రోజూ కూర్చోలేదు. 24 రాత్రి తిరిగొచ్చి, 25 పొద్దున్న ఫోన్ చూస్తే 14 నిమిషాలని ఉంది. తొమ్మిదో నిమిషంలో లేచిపోయారు. మర్నాడు అసలు కూర్చోలేదు. మూడో రోజు కిందికొచ్చి, "ఏమోయ్, నేను సంక్రాంతికి వెళ్తే నీ ఫోన్ ఇక్కడ ఒక్కతే కూర్చుని ధ్యానం చేసినట్టుందే!" అన్నారు.

ఆ మాటలోనే కారణం ఉంది. నేను రాసిన సూత్రం ఇది. A2లో మొదలుపెట్టిన తేదీ ఉంటుంది:

```
=MIN(30, 3+INT((TODAY()-A2)/5))
```

ఇది క్యాలెండర్ని లెక్కపెడుతుంది. మనిషి కూర్చున్నాడా లేదా అన్నది దానికి పట్టదు. జనవరి 25కి 55 రోజులయ్యాయి కాబట్టి 11 నిమిషాలు కలిపి 14 చూపించింది. రెడీమేడ్ రిమైండర్లలో కూడా "వారానికింత పెంచు" అని ఉంటే చాలావరకు ఇదే తంతు. మానేసిన ప్రతి రోజూ రేపటి బరువు పెంచుతుంది. బరువు పెరిగిందని మళ్లీ మానేస్తాం.

మీ రిమైండర్ ఏ రకమో తెలుసుకోవాలంటే రెండు వారాలు దాన్ని ముట్టుకోకుండా వదిలేసి చూడండి. అంకె కదిలితే అది తేదీని లెక్కపెడుతున్నట్టు.

మరమ్మతు సులువే. రోజుకో వరస రాసుకోవాలి. A కాలమ్‌లో తేదీ, B కాలమ్‌లో గుర్తు. గంట మోగేదాకా కూర్చుంటే Y, మధ్యలో లేస్తే H, కూర్చోకపోతే ఖాళీ. నిమిషాలు Yల లెక్కనే పెరుగుతాయి:

```
=MIN(30, 3+INT(COUNTIF(B2:B,"Y")/5))
```

బావగారి చేత గుర్తు తెచ్చుకుని నింపిస్తే, ఊరెళ్లేనాటికి నిండుగా కూర్చున్నవి 31 పూటలే. అంటే ఆయన అసలు స్థాయి 9 నిమిషాలు. 25న ఆయన లేచింది సరిగ్గా అక్కడే! నేనేమో ఆయనకు ఓపిక లేదనుకున్నాను.

H పెట్టడంలో ఒక ప్రయోజనం ఉంది. 12 నిమిషాల దగ్గర రోజూ మధ్యలో లేచిపోతుంటే Yలు పెరగవు, అంకె అక్కడే ఆగి ఎదురుచూస్తుంది. మొహమాటానికి Y వేసుకుంటే మాత్రం లెక్క మళ్లీ మొదటి సూత్రంలాగే తయారవుతుంది. ఆటంకాలేవీ లేకుండా సాగినా 20 నిమిషాలకు చేరడానికి 85 పూటలు పడుతుంది. దాదాపు మూడు నెలలు. తొందరపడి అయిదుని మూడు చేయకండి, నేను చేసి చూశాను.

వారానికి మించి విరామం వస్తే, షీటు ఏం చెప్పినా మొదటి మూడు రోజులు అందులో సగమే కూర్చోమంటాను. బావగారికి 5 నిమిషాలు ఇచ్చాం, నాలుగో రోజు తిరిగి 9. ఇంకో సంగతి, షీటు టైమర్ పెట్టదు. అంకె చూసి క్లాక్‌లో టైమర్ మనమే పెట్టుకోవాలి.

సమస్య: రిమైండర్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాకే మోగుతోంది

5:45కి మోగాల్సింది 6:20కి, అదీ పాల ప్యాకెట్ డబ్బులు పంపడానికి ఫోన్ తీయగానే మోగుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ రాత్రంతా కదలకుండా ఉంటే బ్యాటరీ ఆదా కోసం యాప్‌లని నిద్రపుచ్చుతుంది. వాటి నోటిఫికేషన్లు స్క్రీన్ వెలిగేదాకా ఆగిపోవచ్చు. రిమైండర్ యాప్ సెట్టింగ్స్‌లో బ్యాటరీని `Unrestricted` చేయాలి. కొత్త ఆండ్రాయిడ్ అయితే `Alarms & reminders` అనుమతి కూడా ఇవ్వాలి. పేర్లు ఫోన్‌ని బట్టి కాస్త మారతాయి. నా మటుకు నేను ఈ తిప్పలు పడను. లేపడానికి ఫోన్‌తో వచ్చిన క్లాక్‌లోనే అలారం పెడతాను, దానికి ఈ నిద్ర వర్తించదు.

సమస్య: పది నిమిషాలు దాటగానే కాలు తిమ్మిరెక్కుతోంది

మూడు నిమిషాలప్పుడు లేని తిమ్మిరి పదికి ఎందుకొచ్చింది? బాసింపట్టు తప్పుగా వేసినా మూడు నిమిషాలు కాలు ఓర్చుకుంటుంది. మోకాళ్లు తుంటి కంటే పైకి లేచి ఉంటే నడుము వెనక్కి వాలుతుంది, కింద ఉన్న కాలి నరం మీద ఒత్తిడి పడుతుంది. బావగారు చాప మీద బోసిగా కూర్చునేవారు. పాత రగ్గుని నాలుగు వేళ్ల ఎత్తు మడిచి పిరుదుల కిందికే వేశాం, కాళ్ల కింద కాదు. మోకాళ్లు నేలకు దిగాయి. గంట మోగగానే లేవకుండా, కాళ్లు చాపి స్పర్శ పూర్తిగా వచ్చాకే లేవాలి. మొద్దుబారిన కాలి మీద నిలబడితే పడతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీలో కూర్చోవచ్చు, నిమిషాలు నిమిషాలే. లేచాక కూడా తిమ్మిరి చాలాసేపు పోకపోతే డాక్టర్‌కి చూపించాల్సిందే.

సమస్య: శ్లోకం మధ్యలో గంట మోగుతోంది

ఇది మా అక్కయ్యది. ఆవిడ కూర్చునేది స్తోత్రానికి. చదివేవాళ్లకు నిమిషాల లెక్క అచ్చిరాదు. గంట కొట్టేస్తుందని చివరి శ్లోకాలు పరిగెత్తిస్తారు. ఆవిడకి టైమర్ తీసేసి, అయిదు Yలకు ఒక శ్లోకం చొప్పున పెంచాం. జపం చేసేవాళ్లు మాలల్లో పెంచుకోవచ్చు.

సమస్య: వేళకు మోగుతోంది, కూర్చునే వేళ మాత్రం కుదరడం లేదు

సూర్యోదయానికి కూర్చోవాలనుకుంటే ఒకే టైముకి పెట్టిన అలారం సరిపోదు. హైదరాబాద్‌లో జనవరి చివర్లో సూర్యుడు 6:45 దాటాక వస్తాడు, జూన్ మొదట్లో 5:40కే వచ్చేస్తాడు. నెలకోసారి అలారం జరుపుకోవాలి.

బావగారి గొడవ సూర్యుడితో కాదు, నల్లాతో. మా వీధిలో నీళ్లు రోజు విడిచి రోజు, సరిగ్గా పొద్దున్నే వస్తాయి. సోమ, బుధ, శుక్రవారాలకు ఒక టైము, మిగతా రోజులకు ఇంకో టైము పెట్టాను. వారానికి ఏడు రోజులు కదా, పై వారానికే తలకిందులైంది. నీళ్లొచ్చే సోమవారం రాని సోమవారమైంది. ఫోన్‌లో దీనికి మందు లేదు. రిమైండర్‌ని గడియారం నుంచి తప్పించి, పనికి కట్టాం: నీళ్ల రోజైతే మోటార్ ఆపగానే, లేని రోజైతే మొహం కడుక్కోగానే. మడిచిన రగ్గు ఇప్పుడు మోటార్ స్విచ్ కింద స్టూలు మీద ఉంటుంది. స్విచ్ ఆపిన చేత్తోనే దాన్ని తీసుకుంటారు.