థీసిస్‌లో ‘దీనివల్ల’ అంటే దేనివల్లో తేల్చడం ఎలా?

హన్మకొండలో తెలుగు థీసిస్‌లు, ఎంఫిల్ వ్యాసాలు దిద్దుతూ ఏళ్లు గడిచాయి. అక్షరదోషాలు ఎవరైనా పట్టుకుంటారు. ‘ఇది’, ‘అవి’, ‘వారు’ దేన్ని, ఎవరిని చెబుతున్నాయో తెలియని వాక్యాలు మాత్రం వైవా దాకా అలాగే వెళ్లిపోతున్నాయి. అక్కడ ఎగ్జామినర్ “దీనివల్ల అంటే దేనివల్ల?” అని అడిగితే పిల్లలు టెన్షన్‌తో బిగుసుకుపోతున్నారు.

చాప్టర్‌ను ప్రింట్ తీయండి. స్క్రీన్ మీద ఈ పని చేయకూడదు. వర్డ్‌లో ‘దీని’ అని వెతికితే ‘దీంతో’, ‘ఇందువల్ల’ దొరకవు. ఎర్ర పెన్నుతో ఇది, అది, అవి, వీటి, వారు, ఆయన, తన, దీంతో లాంటి ప్రతి మాటకూ సున్నా చుట్టండి. ఒక్కో సున్నా నుంచి ఆ మాట ఎవరిని లేదా దేన్ని సూచిస్తుందో అక్కడికి బాణం గీయండి. బాణం ఒక్క చోటే ఆగితే వదిలేయండి. రెండు చోట్లకు పోగలిగితే పేరు రాయండి.

మనుషుల విషయంలో ఇది తేలికే. “గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించాడు. ఆయన కాలంలో చెరువులు వెలిశాయి.” ఆయన అంటే రాజా, సేనానా? పేరు రాస్తే చాలు. ‘వారు’తో ఇంకా జాగ్రత్త కావాలి. “గణపతిదేవుడి తర్వాత రుద్రమదేవి పాలించారు. వారి కాలంలో కోట బలపడింది” అంటే గౌరవం కోసం రుద్రమదేవినే అన్నట్టూ ఉంటుంది, తండ్రీకూతుళ్లిద్దరినీ అన్నట్టూ ఉంటుంది. అందుకే థీసిస్‌లో ఒక్కరిని ‘వారు’ అనకూడదు. పేరు పెట్టి, గౌరవం క్రియలో చూపిస్తే సరిపోతుంది.

అసలు చిక్కు ‘దీనివల్ల’ దగ్గర. అది ఒక మాటకు కాదు, ముందు చెప్పిన సంగతి మొత్తానికి వేలాడుతుంది. ఆ సంగతి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో రాసినవారికే తెలుస్తుంది. ఈ మూడు వాక్యాలు చూడండి:

“గొలుసుకట్టు చెరువుల తూములను నీరటికాండ్లు చూసుకునేవారు. బోర్లు పెరిగాక రైతులు వాళ్లకిచ్చే ధాన్యం వాటా మానేశారు. దీనివల్ల అవి పాడయ్యాయి.”

‘అవి’ చెరువులా, తూములా, బోర్లా? ముందు దాన్ని తేల్చండి. ఇక ‘దీనివల్ల’ అంటే బోర్లు పెరగడం వల్లా, వాటా ఆగడం వల్లా, రెండూ కలిసా? ఒక్కో జవాబుతో ఒక్కో థీసిస్ అవుతుంది. బోర్లే కారణమైతే భూగర్భజలాల లెక్కలు చూపాలి. వాటా ఆగడమే కారణమైతే ఊళ్లో పెద్దవాళ్ల ఇంటర్వ్యూలు చూపాలి. రాసినవారు ఏ ఆధారం సేకరించారో ఆ కారణమే వాక్యంలో ఉండాలి. ఇంటర్వ్యూలే ఉన్నాయనుకుందాం. అప్పుడు ఇలా రాయాలి: “వాటా ఆగిపోవడంతో నీరటికాండ్లు పని మానుకున్నారు. చూసేవాళ్లు లేక తూములు పాడయ్యాయి.”

చాలామంది ఇక్కడ “ఈ సమస్య వల్ల”, “ఈ అంశం వల్ల” అని పెట్టి దిద్దేశామనుకుంటారు. అవి ‘దీనివల్ల’కు వేసిన కొత్త చొక్కాలే, లోపల ఏమీ మారలేదు. ‘ఈ’ తర్వాత వచ్చే మాట ఆ సంగతికే సరిపోవాలి, వేరే సంగతికి అతకకూడదు. ‘ఈ తగ్గుదల’, ‘ఈ వలస’, ‘ఈ వాటా రద్దు’ అలాంటివి.

ఇంకో ప్రమాదముంది. “ఈ నిర్లక్ష్యం వల్ల” అని రాశారంటే రైతుల మీద తీర్పు చెప్పేసినట్టే. ముందు వాక్యంలో వాళ్లు వాటా మానేశారని ఉందే తప్ప నిర్లక్ష్యం చేశారని లేదు. అలాగే “ఈ కుట్ర”, “ఈ విప్లవం”, “ఈ పతనం”. మీరు రుజువు చేయని మాట సర్వనామం స్థానంలోకి దొంగచాటుగా రాకూడదు. మాట దొరక్కపోతే ‘-అడం’ రూపం వాడండి: ‘వాటా మానేయడం వల్ల’. అందులో తీర్పు ఉండదు, అందుకే నాకదే నచ్చుతుంది.

పైకి చదువుకుంటే తప్పులు తెలుస్తాయని చాలామంది సలహా ఇస్తారు. ఈ తప్పుకు ఆ మందు పనిచేయదు. అర్థం ముందే మీ మనసులో ఉంది కాబట్టి చెవికి అంతా సరిగానే వినిపిస్తుంది. కావాలంటే మీ సబ్జెక్టు తెలియని స్నేహితురాలికి ఆ పేరా ఇచ్చి, బాణాలు ఆమెనే గీయమనండి. మీ బాణాలకూ ఆమె బాణాలకూ తేడా వచ్చిన ప్రతిచోటా దిద్దాలి.

అలాగని ప్రతి వాక్యంలో ‘చెరువులు, చెరువులు’ అని రాయక్కర్లేదు. పేరాలో ఒకే కర్త నడుస్తున్నంతసేపు ‘అవి’ చాలు. కొత్త పేరు రాగానే, పేరా మారగానే మళ్లీ పేరుతో మొదలుపెట్టండి. పేరాలోని మొదటి వాక్యం ‘ఇది’తో, ‘దీంతో’తో మొదలుకాకూడదు.