కదలని కాయిన్‌కి టైమ్ స్టాప్

స్టాప్‌లాస్ తగలదు, టార్గెట్ రాదు, కొన్న క్రిప్టో కాయిన్ అక్కడక్కడే తిరుగుతుంటుంది. నా 20,000 అలాగే మూడు వారాలు ఇరుక్కుపోయాయి, ఈలోపు మంచి ఎంట్రీ వస్తే పెట్టడానికి చేతిలో డబ్బు లేదు.

ఇప్పుడు కొనే ముందే ధరతో పాటు గడువు కూడా రాసుకుంటున్నా. ఉదాహరణకి 4 గంటల చార్ట్ చూసి 100 దగ్గర కొన్నాననుకోండి, స్టాప్ 95, టార్గెట్ 110. గడువు 12 క్యాండిళ్లు, అంటే రెండు రోజులు. రిస్క్ 5 కాబట్టి అందులో సగమైనా, అంటే 102.50 ఒక్కసారైనా తాకాలి. తాకకపోతే 99 ఉన్నా 101 ఉన్నా అమ్మేయడమే. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, లేకపోతే "ఇంకొక్క రోజు చూద్దాం" అనిపిస్తుంది (నాకైతే ప్రతిసారీ అనిపిస్తుంది). 12 అనేదేమీ శాసనం కాదు, మీ పాత లాభాల ట్రేడ్‌లు ఎన్ని క్యాండిళ్లలో కదిలాయో చూసి, దానికి కాస్త ఎక్కువ పెట్టుకోండి.

ఒక్క జాగ్రత్త. మన దేశంలో అమ్మిన మొత్తం మీద 1 శాతం టీడీఎస్ పోతుంది, రిటర్న్ వేసేదాకా ఆ డబ్బూ ఇరుక్కున్నట్టే. పైగా ఒక కాయిన్ నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేయనివ్వరు. అందుకే గడువు మరీ చిన్నగా పెట్టి రోజూ అమ్ముతుంటే, కదలని కాయిన్ కంటే ఇదే ఎక్కువ తినేస్తుంది.