అరటి పిలక నాటే ముందు

పర్లాకిమిడి పక్క పల్లెల్లో పెరటి పిలక ఊరికే దొరుకుతుంది. తెగులూ దానితోనే వస్తుంది.

- కత్తిలా సన్నని ఆకులున్న సూది పిలకే తీసుకోండి. దుంప కిలోన్నర తూగాలి. వెడల్పాకుల నీటి పిలక పచ్చగా కనిపించినా దుంప బలహీనం, గెల చిన్నది.
- వేళ్లు, పైతొక్క చెక్కి చూడండి. లోపల తెల్లగా ఉండాలి. నల్లని సొరంగాలుంటే ముక్కుపురుగు, ఎర్రగోధుమ చుక్కలుంటే పనామా తెగులు. రెండోది చెక్కినా పోదు, పారేయాల్సిందే. తల్లిచెట్టు ఆకులు తలమీద గుత్తిగా నిలిస్తే ఆ పాదునే వదిలేయండి.
- ఆరడుగుల ఎడం, అడుగున్నర గొయ్యి.
- ఎరువు మొదలుకు అడుగు దూరంలో, తడినేలలోనే. అయిదో నెలలోపు ఆకలిపెడితే గెలలో హస్తాలు తగ్గుతాయి. తర్వాత ఎంత వేసినా రావు.
- నీరు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి.