మలేరియా వీడియో స్క్రిప్టు తిరగరాసే ముందు

వానలు దగ్గరపడ్డాయి. ఒడిశాలో రాయగడ, గజపతి, కొరాపుట్ వైపు ఉన్న మన తెలుగువాళ్ల కోసం మలేరియా వీడియోలు చేసేవాళ్లు ఇవి చూసుకోండి.

• మాట మార్చండి, అంకె మార్చకండి. "పీవీకి ప్రైమాక్విన్ 14 రోజులు" అన్నదాన్ని "జ్వరం తగ్గేదాకా మాత్రలు" అని రాస్తే ప్రమాదం. పీవీ అంటే వైవాక్స్ రకం మలేరియా, దాని క్రిమి కాలేయంలో దాక్కుంటుంది. మందు మధ్యలో ఆపితే కొన్ని వారాలకో నెలలకో జ్వరం తిరగబెట్టొచ్చు. "వైవాక్స్ మలేరియాకు ఈ మాత్ర డాక్టర్ రాసిస్తే, జ్వరం తగ్గినా 14 రోజులూ వేసుకోవాలి" అనండి.

• ఆర్‌డీటీని విడదీసి "రాపిడ్ డయాగ్నస్టిక్ టెస్ట్" అంటే సరిపోదు, అదీ ఇంగ్లీషే. "వేలి నుంచి చుక్క రక్తం తీసి అక్కడే చేసే పరీక్ష" అని మొదటిసారే కలపండి.

• ఒకసారి చెప్పాక అదే పేరు వాడండి. ఒకచోట ఆర్‌డీటీ, ఇంకోచోట కిట్ అంటే రెండు పరీక్షలనుకుంటారు.

• "దమన్" అనగానే ఊరు గుర్తొస్తుంది. కానీ ఇక్కడ అది "దుర్గమ అంచలరే మలేరియా నిరాకరణ" అనే ఒడియా పేరుకు పొట్టి రూపం. మారుమూల ఊళ్లలో మలేరియాను తుడిచిపెట్టే ఒడిశా కార్యక్రమమని చెప్పండి. ఒడియా రాని పెద్దవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు.

• వీడియోను ముక్కలు చేసి పంపుతుంటే ప్రతి ముక్కలోనూ వివరణ మళ్లీ ఇవ్వాలి.