సరుకిచ్చిన కంపెనీ దివాలాలోకి వెళ్తే: క్లెయిమ్ ఎలా వేయాలి, మారటోరియం ఏం ఆపుతుంది, డబ్బు ఏ వరుసలో వస్తుంది

మీరు సరుకు సప్లై చేసిన కంపెనీ మీద, కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీలో, దివాలా పిటిషన్ అడ్మిట్ అయిందని తెలియగానే అందరూ చేసే మొదటి పని ఆ కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌కు ఫోన్ చేసి పాత బిల్లు ఎప్పుడిస్తారని గట్టిగా అడగడం. అవతల ఫోన్ ఎత్తిన మనిషికి ఇవ్వాలని ఉన్నా ఇవ్వలేడు. అడ్మిట్ అయిన రోజు నుంచి డైరెక్టర్ల అధికారం ఆగిపోతుంది, కంపెనీ ట్రిబ్యునల్ నియమించిన రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతిలోకి వెళ్తుంది (మొదట్లో ఈయన్ని తాత్కాలిక ప్రొఫెషనల్ అంటారు, పని ఒకటే). పాత బాకీ ఒక్కరికి విడిగా తీర్చే వీలు ఆయనకూ లేదు. కాబట్టి ఫోన్లు ఆపి క్లెయిమ్ పని మొదలుపెట్టండి, ఎందుకంటే దానికి గడువు ఉంది.

ఆర్డర్ తేదీ ముందు కాగితం మీద రాసుకోండి

ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క తేదీ గుర్తుంచుకుంటే చాలు, అది పిటిషన్ అడ్మిట్ అయిన తేదీ. ఆ తేదీకి ముందు ఇచ్చిన సరుకు బాకీ వేరు, తర్వాత ఇచ్చిన సరుకు బాకీ వేరు. కంపెనీ అదే, సరుకు అదే, బిల్లు బుక్కూ అదే, కానీ చట్టం దృష్టిలో ఈ రెండు బాకీలు వరుసలో రెండు చివర్లలో ఉంటాయి. దీన్ని నేను అకౌంట్స్ చూసే ఒకాయన విషయంలో చూపిస్తాను, లెక్క సులువుగా ఉండాలని అంకెలు మార్చాను. ఆయన అట్టపెట్టెలు సప్లై చేస్తాడు. జూన్ 10న కంపెనీ కేసు అడ్మిట్ అయింది. అప్పటికి రావాల్సింది 18,40,000 రూపాయలు. జూలై, ఆగస్టుల్లో కొత్తగా వచ్చిన ఆర్డర్లకు ఇంకో 3,20,000 సరుకు పంపాడు.

మారటోరియం ఏం ఆపుతుంది, ఏం ఆపదు

అడ్మిట్ చేసే ఆర్డర్‌లోనే మారటోరియం ఉంటుంది, ఇది 2016 నాటి దివాలా చట్టంలోని 14వ సెక్షన్. కంపెనీ మీద మీరు వేసిన రికవరీ దావా ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, కొత్తది వేయలేరు, ఇప్పటికే డిక్రీ చేతిలో ఉన్నా ఎగ్జిక్యూషన్ నడవదు. బ్యాంకు తాకట్టు ఆస్తిని వేలం వేయలేదు. కంపెనీ ఉన్న బిల్డింగ్ ఓనర్ ఖాళీ చేయించలేడు. కంపెనీ కూడా తన ఆస్తులు అమ్ముకోలేదు. మీ ఒక్కరి మీద కక్షతో ఇది చేయరు. ఎవరికి వారు వచ్చి దొరికింది పట్టుకుపోతే కంపెనీ నిలబడే అవకాశమే పోతుందని అందరినీ ఒకేసారి ఆపుతారు. ఇలా ఆగిన కాలాన్ని మీ దావా లిమిటేషన్ లెక్కలో కలపరు, ఆ టెన్షన్ అక్కర్లేదు.

ఎక్కువమంది పొరబడేది చెక్ బౌన్స్ కేసు దగ్గర. మా అట్టపెట్టెల ఆయన చేతిలో కూడా బౌన్స్ అయిన చెక్కు ఒకటి ఉంది, కోర్టులో కేసు నడుస్తోంది, మారటోరియం అనగానే అంతా అయిపోయిందనుకుని వాయిదాకు వెళ్లడం మానేయబోయాడు. అలా చేయకండి. 2021 మార్చిలో సుప్రీంకోర్టు దీన్ని తేల్చి చెప్పింది: చెక్ బౌన్స్‌కు సంబంధించిన 138వ సెక్షన్ కింద కంపెనీ మీద ఉన్న కేసు మారటోరియంలో ఆగుతుంది, కానీ అదే కేసులో నిందితులుగా ఉన్న డైరెక్టర్ల మీద, చెక్కు మీద సంతకం చేసిన మనుషుల మీద నడుస్తూనే ఉంటుంది. మీరు వాయిదాకు వెళ్లకపోతే కేసు కొట్టేస్తారు, అప్పుడు పోయేది మీ కేసే. అలాగే కంపెనీ అప్పుకు ఎవరైనా గ్యారంటీ ఇచ్చి ఉంటే, కంపెనీకి వచ్చిన మారటోరియం ఆ గ్యారంటీదారును కాపాడదు.

మరి సరుకు ఇవ్వడం ఆపేయవచ్చా? కరెంటు, నీళ్లు, టెలికాం, ఐటీ సేవలు అత్యవసరం కింద వస్తాయి, పాత బాకీ ఉందని వాటిని ఆపకూడదు. మామూలు సరుకైతే మీ ఇష్టం, అయితే కంపెనీ నడవడానికి ఇది తప్పనిసరి అని రిజల్యూషన్ ప్రొఫెషనల్ అనుకుంటే మారటోరియం కాలంలో సప్లై ఆపడానికి వీల్లేదు. అదీ మారటోరియంలో ఇచ్చిన సరుకుకు డబ్బు కడుతున్నంతవరకే, కట్టకపోతే మీరు ఆపవచ్చు.

క్లెయిమ్ వేసే పద్ధతి

నియామకం అయిన 3 రోజుల్లో ప్రొఫెషనల్ పబ్లిక్ ప్రకటన ఇవ్వాలి. ఇంగ్లిష్ పేపర్ ఒకదానిలో, ప్రాంతీయ భాష పేపర్ ఒకదానిలో వస్తుంది, దివాలా బోర్డు సైట్ ibbi.gov.in లోనూ పెడతారు. పేపర్ కోసం ఎదురుచూడకుండా ఈ సైట్‌లో కంపెనీ పేరుతో వెతకడం మేలు. ప్రకటనలో ప్రొఫెషనల్ పేరు, చిరునామా, ఈమెయిల్, క్లెయిమ్‌కు ఆఖరి తేదీ ఉంటాయి. ఆ గడువు నియామకం నుంచి 14 రోజులు, కాబట్టి ప్రకటన వచ్చేసరికి మీ చేతిలో మిగిలేది పదకొండు రోజులే కావచ్చు.

సరుకు, సేవలు ఇచ్చినవాళ్లది ఫారం బి. కార్మికులు, ఉద్యోగులు ఫారం డి వేయాలి, అప్పు ఇచ్చిన బ్యాంకులు, ఇతరులు ఫారం సి, ఇల్లు బుక్ చేసుకుని ఇరుక్కున్నవాళ్లు ఫారం సీఏ. ఫీజు లేదు. ఫారం బి నేరుగా ఇవ్వవచ్చు, పోస్టులో పంపవచ్చు, ఈమెయిల్ చేయవచ్చు. నేనైతే ఈమెయిల్ చేసి, అందిందన్న జవాబు వచ్చేదాకా వదలను.

ఫారంలో రాసే మొత్తం అడ్మిట్ అయిన తేదీ నాటికి ఉన్న బాకీ. మా ఆయన క్లెయిమ్ 18,40,000, అంతే. తర్వాతి 3,20,000 ఇందులో కలపకూడదు. జతచేయాల్సినవి పర్చేజ్ ఆర్డర్ లేదా ఒప్పందం, ఇన్వాయిస్‌లు, లెడ్జర్, బ్యాంక్ స్టేట్‌మెంట్, జీఎస్టీఆర్-1, జీఎస్టీఆర్-3బి లలో ఆ బిల్లులు కనిపించే పేజీలు, ఈ-వే బిల్లులు ఉంటే అవి. వడ్డీ అడగాలంటే ఒప్పందంలోనో ఇన్వాయిస్ మీదో రేటు రాసి ఉండాలి, ఊరికే 24 శాతం వేసి పంపితే ఆ ముక్క కొట్టేస్తారు. మూడేళ్లు దాటిన పాత బిల్లులుంటే, మధ్యలో కంపెనీ బాకీ ఒప్పుకుంటూ ఇచ్చిన లెటరో, చేసిన పార్ట్ పేమెంటో చూపించండి, లేకపోతే లిమిటేషన్ దాటిందంటారు.

ఆఖరి తేదీ తర్వాత 7 రోజుల్లో క్లెయిమ్‌లు పరిశీలించి జాబితా తయారుచేస్తారు. అందులో మీరు అడిగినదెంత, ఒప్పుకున్నదెంత అనేది మీ కళ్లతో చూడండి. గడువు దాటినా కొంతకాలం ఆలస్యంగా వేసే వీలుంది, ఆలస్యానికి కారణం రాయాలి. కానీ కంపెనీని తీసుకునేవాళ్లు ఇచ్చే రిజల్యూషన్ ప్లాన్‌ను ట్రిబ్యునల్ ఆమోదించిందంటే అందులో లేని పాత బాకీ అక్కడితో చచ్చిపోయినట్టే, 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది.

డబ్బు ఏ వరుసలో వస్తుంది

కంపెనీని ఎవరూ కొనక, ఆస్తులు అమ్మి పంచేసే లిక్విడేషన్‌కు వెళ్తే 53వ సెక్షన్ వరుస వర్తిస్తుంది. అన్నిటికన్నా ముందు ఈ ప్రక్రియకు అయిన ఖర్చులు, పూర్తిగా. తర్వాత కార్మికుల 24 నెలల బాకీలు, తాకట్టు హక్కును వదిలి మూకుమ్మడి సొమ్ములోకి వచ్చిన బ్యాంకులు, ఈ ఇద్దరూ సమానంగా. ఆ తర్వాత మిగతా ఉద్యోగుల 12 నెలల జీతాలు, వాటి తర్వాత తాకట్టు లేని అప్పులు ఇచ్చినవాళ్లు. దాని కింద ప్రభుత్వానికి రావాల్సిన రెండేళ్ల బాకీలు, విడిగా తాకట్టు అమ్ముకున్నా అప్పు తీరని బ్యాంకులు. సరుకిచ్చినవాళ్లు ఆ తర్వాత మిగతా బాకీలు అనే గుంపులో వస్తారు. ప్రిఫరెన్స్ షేర్లవాళ్లు, మామూలు వాటాదార్లు చిట్టచివర. కార్మికుల పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల సొమ్ము ఈ వరుసలోకే రాదు, దాన్ని ముట్టుకోకూడదు.

అంకెల్లో చూడండి. ఆస్తులు అమ్మితే 10 కోట్లు వచ్చాయనుకుందాం. ఖర్చులకు 80 లక్షలు పోయాయి, మిగిలింది 9.20 కోట్లు. కార్మికులకు 1 కోటి, బ్యాంకుకు 15 కోట్లు, మొత్తం 16 కోట్లు రావాలి. ఇద్దరూ సమానం కాబట్టి రూపాయికి 57.5 పైసలు: కార్మికులకు 57.5 లక్షలు, బ్యాంకుకు 8 కోట్ల 62.5 లక్షలు. డబ్బు అక్కడికే అయిపోయింది. కింద ఉన్న ఎవరికీ ఒక్క రూపాయి రాదు, మా ఆయన 18,40,000 కూడా సున్నానే. కానీ జూన్ 10 తర్వాత పంపిన 3,20,000 ఉంది చూశారూ, అది ప్రక్రియ ఖర్చు కింద పైన కూర్చుంటుంది, మొత్తం వస్తుంది.

కంపెనీని ఎవరైనా తీసుకుని రిజల్యూషన్ ప్లాన్ వస్తే సరుకిచ్చినవాళ్లకు కాస్త రక్షణ ఉంది. లిక్విడేషన్ అయితే ఎంత వచ్చేదో, లేదా ప్లాన్ మొత్తాన్ని ఇదే వరుసలో పంచితే ఎంత వచ్చేదో, ఆ రెండింటిలో ఎక్కువకు తగ్గకుండా ఇవ్వాలి, అదీ బ్యాంకుల కంటే ముందు. పై లెక్కలో మాత్రం ఆ కనీసం కూడా సున్నా కావచ్చు, అందుకే ముందే తెలుసుకోమంటున్నాను.

నేను చూసిన తప్పు

మా ఆయనకు కొత్త సరుకు తాలూకు 3,20,000 సెప్టెంబరులో జమ అయింది. ఆఫీసు కుర్రాడు ఆ రసీదుకు బిల్లు నంబర్ ఇవ్వకుండా ఎంట్రీ వేశాడు, సాఫ్ట్‌వేర్ దాన్ని అన్నిటికంటే పాత బిల్లుకు సర్దేసింది. దాంతో లెడ్జర్‌లో పాత బాకీ 15,20,000కి తగ్గి, కొత్త బిల్లులు ఇంకా రావాల్సినట్టు కనిపించాయి. ఆ లెడ్జర్‌నే ప్రొఫెషనల్ ఆఫీసు అడిగినప్పుడు పంపాడు. వాళ్లు పాత బాకీ తగ్గినట్టుందే అని క్లెయిమ్ కోయబోయారు. బ్యాంకు చెల్లింపు అడ్వైస్‌లో ఉన్న ఇన్వాయిస్ నంబర్లు చూపిస్తే గానీ సర్దుబాటు కాలేదు. కాబట్టి అడ్మిట్ తేదీ తర్వాత అదే కంపెనీకి రెండో లెడ్జర్ తెరవండి, వచ్చే ప్రతి జమనూ కొత్త బిల్లు నంబర్‌కే కట్టండి. నిజంగానే పాత బాకీలో కొంత ఎవరి నుంచైనా వసూలైతే (గ్యారంటీదారు కట్టాడనుకోండి) క్లెయిమ్‌ను మీరే సవరించి తెలియజేయాలి.

క్లెయిమ్ తగ్గించారనో తిరస్కరించారనో తేలితే కారణం రాతపూర్వకంగా అడగండి, కాగితాలు మళ్లీ పంపండి. అప్పటికీ ఒప్పుకోకపోతే 60(5) సెక్షన్ కింద అదే ఎన్‌సీఎల్‌టీ బెంచ్‌లో అప్లికేషన్ వేయాలి, దీనికి మాత్రం వకీలును పెట్టుకోండి. కేసు లిక్విడేషన్‌కు మారితే లిక్విడేటర్ మళ్లీ కొత్తగా ప్రకటన ఇస్తాడు, దాని ఆఖరి తేదీ వేరు, పాత క్లెయిమ్ నంబర్ రాసి ఆ తేదీలోపు అక్కడ కూడా వేయండి. అక్కడ తిరస్కరిస్తే ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి ఉండేది 14 రోజులు.