గోడ వదిలే ముందు: హ్యాండ్‌స్టాండ్‌లో వేళ్ల పని, మణికట్టు జాగ్రత్తలు

గోడ ఆసరాతో చేతుల మీద తలకిందులుగా అర నిమిషం నిలబడగలుగుతున్నారు, ఇక గోడ లేకుండా ప్రయత్నిద్దామని మనసు లాగుతోంది. నేను నేర్పేవాళ్లలో మణికట్టు నొప్పితోనో, నడుము పట్టేసిందనో వచ్చేవాళ్లు ఎక్కువగా ఈ దశలోనివాళ్లే. వాళ్ల భుజాల్లో బలం ఉంటుంది. చేతి కింద బరువు ఎక్కడుందో, అది జరిగినప్పుడు వేళ్లు ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. గోడ వదిలే ముందు తెలుసుకోవలసింది అదే.

ముందు దిక్కులు స్పష్టం చేసుకుందాం. తలకిందులుగా ఉన్నప్పుడు ముందేదో వెనకేదో తికమక అవుతుంది కాబట్టి రెండే మాటలు వాడతాను. వీపు వైపు పడబోతుంటే ‘వేళ్ల వైపు’ ఒరుగుతున్నట్టు. కాళ్లు ఎత్తిన చోటికే తిరిగి దిగిపోతుంటే ‘మణికట్టు వైపు’ ఒరుగుతున్నట్టు.

వేళ్ల వైపు ఒరిగినప్పుడు వేలి కొసలతో నేలను నొక్కుతాం. నొక్కగానే నేల నుంచి వచ్చే ఆసరా అరచేతి మధ్య నుంచి కొసల వైపు జరుగుతుంది. అది శరీర బరువు కంటే ముందుకు వెళ్లిందంటే శరీరం తిరిగి వెనక్కి, నిటారుకి వస్తుంది. మణికట్టు వైపు ఒరిగినప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకం: వేళ్లు సడలించి, అరచేతి మొదలుతో, అంటే మణికట్టుకు ఆనుకుని ఉన్న కండ భాగంతో నేలను తొయ్యాలి. వినడానికి రెండూ సమానంగా అనిపిస్తాయి. కానీ సమానం కావు, ప్రమాదమంతా ఆ తేడాలోనే ఉంది.

ఎందుకో లెక్క వేసి చూడండి. మధ్యరకం ఎత్తున్న మనిషి హ్యాండ్‌స్టాండ్‌లో ఉంటే శరీర బరువు కేంద్రం నేలకు సుమారు 1 మీటరు ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తులో ఒక్క డిగ్రీ ఒరిగితే బరువు దాదాపు పావు తక్కువ 2 సెంటీమీటర్లు జరుగుతుంది. చెయ్యి మొత్తం పొడవు 18 సెంటీమీటర్లు అనుకుందాం. మణికట్టు కీలు చేతి మధ్యలో లేదు, అరచేతి మొదలుకు 2, 3 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. బరువు సరిగ్గా మణికట్టు మీద పెట్టుకుని నిలబడ్డారంటే ఆ వైపు మీకున్న చోటు డిగ్రీన్నర. గట్టిగా ఊపిరి తీసుకున్నా కదిలేంత. అదే బరువును వేళ్ల మొదళ్ల దగ్గర, కణుపుల కింద పెట్టుకుంటే అటు ఇటు చెరో 8, 9 సెంటీమీటర్లు మిగులుతాయి. కాళ్ల మీద నిలబడ్డప్పుడు మనం చేసేదీ ఇదే. చీలమండ మడమ దగ్గర ఉంటుంది, బరువు దానికి కాస్త ముందు ఉంటుంది, పిక్క ఎప్పుడూ కొద్దిగా పని చేస్తూనే ఉంటుంది. హ్యాండ్‌స్టాండ్‌లో ఆ పిక్క పని ముంజేతి కండలది.

అందుకే మొదటి జాగ్రత్త: బరువును ఎప్పుడూ మణికట్టు కంటే కాస్త వేళ్ల వైపే ఉంచండి. వేళ్లకు నిరంతరం కొంచెం పని ఉండాలి. వేళ్లు ఖాళీగా ఉన్నాయంటే హాయిగా ఉన్నట్టు కాదు, వెనక్కి దిగిపోవడం మొదలైనట్టు. బరువు అరచేతి మొదలు దాకా వెళ్లిపోయాక వేళ్లు చెయ్యగలిగింది ఏమీ లేదు. భుజాలను వేళ్ల వైపు జరపాలి, లేదా మోచేతులు కొద్దిగా వంచాలి. రెండూ ఖరీదైన దిద్దుబాట్లే, అలసిపోయిన భుజాలు ఆ పని చెయ్యలేవు. కొత్తలో అలాంటప్పుడు కాళ్లు దించేసి మళ్లీ ఎక్కడమే నయం.

ఇక చెయ్యి ఎలా పెట్టాలి? భుజాల వెడల్పున పెట్టి, వేళ్లు బాగా విప్పి, చూపుడు వేలు నేరుగా ముందుకు ఉండేలా చూసుకోండి. తర్వాత వేలి కొసలను నేలకు అదిమి, మధ్య కణుపు కాస్త పైకి లేచేలా పట్టు బిగించండి, బంతిని పట్టుకున్నట్టు. కానీ చూపుడు వేలి మొదలు నేలను వదలకూడదు. అది లేచిందంటే బరువు చిటికెన వేలి వైపు దొర్లుతుంది, కొన్నాళ్లకు మణికట్టు బయటి అంచున నొప్పి మొదలవుతుంది. ఇంకొకటి, వేలి చివరి కణుపు లోపలికి విరుచుకుపోనివ్వకండి. అలా విరుచుకుంటే నొక్కుతున్నది కండ కాదు, కీలు.

మెత్తని పరుపు మీద మొదలుపెట్టకండి. దెబ్బ తగలదని చాలామంది పరుపు వేసుకుంటారు, అది పొరపాటు. అరచేతి మొదలు లోపలికి దిగబడి మణికట్టు ఇంకా ఎక్కువ వంగుతుంది, వేళ్లు నొక్కిన నొక్కు పరుపులోకే పోతుంది. చేతుల కింద గట్టి నేల ఉండాలి. పరుపు కావాలంటే పడే చోట వేసుకోండి.

గోడ దగ్గర వేళ్లను పరీక్షించే పద్ధతి ఒకటుంది. వీపు గోడ వైపు ఉండేలా ఎక్కండి. వేలి కొసలకీ గోడకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం చాలు. మడమలు గోడకు ఆనించండి. ఇప్పుడు నడుము కదపకుండా, కాళ్లు తన్నకుండా, వేలి కొసలు మాత్రమే నెమ్మదిగా నొక్కుతూ మడమలు గోడ నుంచి విడిపోయేలా చెయ్యండి. విడిపోయిన క్షణంలోనే నొక్కు సగానికి తగ్గించండి. ఈ తగ్గించడం అసలైన పాఠం. నొక్కు అలాగే ఉంచితే నిటారు దాటి మణికట్టు వైపు వెళ్లిపోతారు. చేతులు గోడకు ఒక మూరెడు దూరం పెడితే మాత్రం ఇది కుదరదు. బరువు అప్పటికే వేలి కొసల దాకా వెళ్లి ఉంటుంది, ఎంత నొక్కినా మడమలు రావు. అప్పుడు జనం నడుము విరిచి లాక్కుంటారు, నడుము పట్టేసేది అక్కడే.

నా దగ్గర నేర్చుకునే ఒకమ్మాయి మూడు వారాలు రెండు సెకన్ల దగ్గరే ఆగిపోయింది. ఎక్కడం, వెంటనే వెనక్కి దిగిపోవడం. “సార్, ఇంకా గట్టిగా తన్నాలా?” అని అడిగింది. నేను చెప్పేలోపే గట్టిగా తన్నింది, ఈసారి వేళ్లు దాటి అవతలికి వెళ్లిపోయి పక్కకు దిగింది. అప్పుడు నేను నేల మీద బోర్లా పడుకుని, తన చేతులకు మూరెడు దూరంలో మొహం పెట్టి చూశాను. కాళ్లు ఇంకా నేల మీద ఉండగానే తన గోళ్లు తెల్లబడి ఉన్నాయి. అంటే ఎక్కక ముందు నుంచే వేళ్లు బలంగా నొక్కుతోంది. పైకి వస్తున్న శరీరాన్ని తన వేళ్లే వెనక్కి తోసేస్తున్నాయి. బలమంతా తప్పు సమయంలో ఖర్చవుతోంది.

“వేళ్లు వదులుగా పెట్టి ఎక్కమ్మా, తుంటి భుజాల మీదకి వచ్చాక నొక్కు” అన్నాను. మొదటి నాలుగైదు సార్లు నొక్కడం ఆలస్యమై అవతలికి వెళ్లింది. తర్వాత గోళ్ల రంగు చూస్తూ ఉన్నాను: ఎక్కేటప్పుడు గులాబీ రంగు, పైకి చేరగానే తెలుపు, మళ్లీ గులాబీ, మళ్లీ తెలుపు. ఆ మార్పు చిన్నచిన్నగా, వెంటవెంటనే వస్తోందంటే సమతూకం కుదురుతున్నట్టు. ఎప్పుడూ తెల్లగానే ఉంటే వేళ్ల వైపు వేలాడుతున్నట్టు, అసలు తెల్లబడకపోతే మణికట్టు మీద కూర్చున్నట్టు. ఆ రోజు చివరికి ఆరు సెకన్లు నిలబడింది. మీరు ఒంటరిగా చేస్తుంటే ఫోన్‌ను నేల మీద, చేతులకు దగ్గరగా పెట్టి వీడియో తీసుకోండి. కాళ్ల వీడియో కంటే చేతుల వీడియోలోనే కారణం దొరుకుతుంది.

గోడ వదలక ముందు కచ్చితంగా వచ్చి ఉండాల్సింది దిగే పద్ధతి. బరువు వేలి కొసలు దాటిందని తెలిసిన వెంటనే నొక్కుతూ పోరాడకండి. మణికట్టుకు, వేళ్లకు దెబ్బ తగిలేది ఆ ఆఖరి పోరాటంలోనే. ఒక చెయ్యి ఎత్తి జానెడు ముందుకు వేసి, నడుమును పావు వంతు తిప్పి, పక్కకు ఒక్కో కాలు దించండి, బండిచక్రం వేసినట్టు. గోడ పక్కనే రెండు వైపులకూ పదేసి సార్లు కావాలని చేసి చూడండి. ఆలోచించకుండా రావాలి. మోచేతులు మాత్రం దిగేదాకా వంచకండి. చుట్టూ శరీరం పొడవంత ఖాళీ ఉండాలి.

మణికట్టు సిద్ధంగా ఉందో లేదో రోజూ మొదలుపెట్టే ముందు చూసుకోండి. మోకాళ్లు, చేతులు నేల మీద ఆనించి, భుజాలు నెమ్మదిగా ముందుకు జరపండి. ముంజేయి నేలకు నిటారుగా వచ్చేసరికి అరచేతి మొదలు లేవకూడదు, మణికట్టు వెనక నొక్కేసినట్టు నొప్పి రాకూడదు. అక్కడి నుంచి ఇంకాస్త ముందుకు ఒరిగి, వేళ్లతో నొక్కి వెనక్కి రండి. ఇలా పదిహేను, ఇరవై సార్లు చేస్తే వేడెక్కడమూ అవుతుంది, వేళ్లకు ఆ రోజు పాఠం గుర్తు చేసినట్టూ అవుతుంది. మణికట్టు అంత వంగకపోతే బలవంతం వద్దు. పుష్‌అప్ బార్ల మీద మణికట్టు తిన్నగా ఉంటుంది, నొప్పి లేకుండా చెయ్యొచ్చు. అయితే అక్కడ వేళ్లతో నొక్కడం ఉండదు, పిడికిలితో బార్‌ను తిప్పుతున్నట్టు పట్టాలి. బార్ల మీద వచ్చిన సమతూకం నేల మీద వెంటనే రాదు.

పది, పదిహేను సెకన్ల చొప్పున మొత్తం పది నిమిషాలు చాలు. వారానికి మూడు నాలుగు రోజులకు మించి వద్దు. ముంజేయి అలిసిపోతే వేళ్లు నొక్కుతాయి గానీ ఆలస్యంగా నొక్కుతాయి. వేలి కొసలు వణకడం, పట్టు దానంతట అదే విప్పుకోవడం కనిపిస్తే ఆ రోజుకు ఆపేయండి. ఇంకొక్కసారి అనుకున్నప్పుడే పడతారు.

వేళ్లలో తిమ్మిరి, మంట వస్తే అది అలసట కాదు, నరం మీద ఒత్తిడి. తగ్గేదాకా బరువు పెట్టకూడదు, తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి. గ్లాకోమా ఉన్నవాళ్లు, రక్తపోటు అదుపులో లేనివాళ్లు డాక్టరు సరేననేదాకా తలకిందులయ్యే పనే పెట్టుకోవద్దు. ఎదిగే వయసు పిల్లల విషయం వేరుగా చూడాలి. ముంజేతి ఎముక మణికట్టు దగ్గర ఇంకా పెరుగుతూ ఉంటుంది, ఎముక పెరిగే ఆ మెత్తని భాగం పదేపదే బరువు పడితే దెబ్బతింటుంది. పిల్లలు బొటనవేలి వైపు మణికట్టు నొప్పి అంటే నూనె రాసి మర్నాడు మళ్లీ చేయించకండి. ఆపించి, ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.