పీజీలో చేరే ముందు – 3వ పాఠం: గేటు మీది నంబరు, కాగితం మీది పేరు

పోయిన పాఠంలో గది, బాత్రూమ్, నీళ్లు చూశాం. ఈసారి లోపలికి వెళ్లం, గేటు బయటే పని.

హైదరాబాద్‌లో అమీర్‌పేట, ఎస్సార్ నగర్ వైపు పీజీ నడిపేవాళ్లలో చాలామందికి బిల్డింగ్ సొంతం కాదు. ఓనర్ దగ్గర మొత్తం లీజుకు తీసుకుని మనకు బెడ్లు ఇస్తారు. అందులో తప్పేం లేదు. కానీ లీజు అయిపోతే ఓనర్ ఖాళీ చేయమంటాడు, మన అడ్వాన్స్ తీసుకున్నవాడు ఫోన్ ఎత్తడు. అందుకే రెండు సంగతులు తేల్చుకోవాలి: ఈ అడ్రస్‌లో బిల్డింగ్ ఎవరిది, నడిపేవాడికి హక్కు ఎప్పటిదాకా ఉంది.

మా బాబాయి కొడుకు విషయంలో ఇలా చేశాం. గేటు మీది ఇంటి నంబరు ఫోటో తీసుకుని, ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు చూపించమన్నాం. రసీదు మీద పీటీఐఎన్ అని పది అంకెల నంబరు ఉంటుంది. దాన్ని జీహెచ్ఎంసీ వెబ్‌సైట్‌లో కొడితే ఓనర్ పేరు, ఇంటి నంబరు వచ్చాయి. గేటు నంబరుతో సరిపోయింది. పన్ను రసీదు యాజమాన్య హక్కుకు రుజువు కాదు, కొనేవాళ్లకు అది చాలదు. నెల అద్దెకు దిగేవాళ్లకు మాత్రం ఇంత చాలు.

కరెంటు బిల్లులో పేరు వేరేగా ఉంది. వెంటనే కంగారు పడొద్దు. ఇల్లు అమ్మినా మీటరు పాత ఓనర్ పేరు మీదే ఉండిపోవడం మామూలే. కాబట్టి పేరు కాదు, నంబరు చూడండి. బిల్లు మీది సర్వీస్ నంబరు చాలాచోట్ల మీటరు పక్కన పెయింట్‌తో రాసి ఉంటుంది. మాకు చూపించిన బిల్లు నంబరు అక్కడ లేదు, అది పక్క బిల్డింగ్‌ది! "పొరపాటున ఇచ్చాను" అన్నాడు పీజీ నడిపేవాడు. నిజమే కావచ్చు. సరైన బిల్లు తెచ్చేదాకా మేం మాత్రం టోకెన్ కట్టలేదు.

ఇక లీజు కాగితం. ఓనర్ పేరు పన్ను రసీదులో ఉన్నదేనా, చివరి తేదీ ఎప్పుడు, హాస్టల్ నడుపుకోవచ్చని రాశారా, ఈ మూడే చదవండి. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి. మూడేళ్లకని నోటరీతో సరిపెట్టిన కాగితం చూపిస్తే దాన్ని నమ్ముకోవద్దు. అద్దె అంకె మీద వేలు పెట్టి దాచుకున్నా ఫర్వాలేదు, అది మనకు అక్కర్లేదు.

పక్కవాళ్లను "మంచి పీజీయేనా?" అని అడిగితే "ఆఁ, మంచిదే" అంటారు. "ఈ బోర్డు ఎప్పుడు పెట్టారు, అంతకుముందు ఏ పేరుండేది?" అని అడగండి. ఎదురు సందులో ఇస్త్రీ బండాయన బట్ట మడత పెడుతూనే చెప్పాడు: "రెండేళ్లలో ఇది మూడో బోర్డు బాబూ. పోయినసారి పిల్లలు పెట్టెలు నా బండి దగ్గరే పెట్టుకుని కూర్చున్నారు."

లీజు తీసి చూశాం. ఇంకా రెండు నెలలే ఉంది.